గుడ్డుకు దాణా ఖర్చు: రోజూ రాయవలసింది ఏది, వారానికి ఒకసారి లెక్కించవలసింది ఏది

ప్రశ్న: మా షెడ్డులో 2,000 లేయర్ కోళ్లు ఉన్నాయి. రోజూ ఎన్ని బస్తాల దాణా వేశామో, ఎన్ని గుడ్లు వచ్చాయో, ఎన్ని కోళ్లు చనిపోయాయో పుస్తకంలో రాస్తున్నాను. గుడ్డుకు దాణా ఖర్చు ఒకరోజు 3.41 రూపాయలు, మర్నాడు 4.26 రూపాయలు వస్తోంది. గుడ్లు మాత్రం రెండు రోజులూ 1,760 దగ్గరే ఉన్నాయి. ఏది నమ్మాలి?

సమాధానం:

రెండింటినీ నమ్మవద్దు. మీ అంకెలను వెనక్కి లెక్కిస్తే కిలో దాణా మీకు 30 రూపాయలు పడుతోందని, మొదటి రోజు నాలుగు బస్తాలు, రెండో రోజు ఐదు బస్తాలు విప్పారని తెలుస్తోంది. కోళ్లు మాత్రం మొదటి రోజు 200 కిలోలు, రెండో రోజు 250 కిలోలు తినలేదు. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 110 గ్రాములు తింటుంది కాబట్టి మీ షెడ్డుకు రోజుకు 220 కిలోలు, అంటే నాలుగున్నర బస్తాలకు కొంచెం తక్కువ కావాలి. ఒకరోజు విప్పిన బస్తాలో కొంత మర్నాటికి మిగులుతుంది, మీ పుస్తకం మాత్రం బస్తా విప్పిన రోజు ఖాతాలోనే మొత్తం వేసేస్తోంది. అసలు ఖర్చు 3.75 దగ్గర ఉండాలి. మీరు రాస్తున్నది విప్పిన దాణా, మీకు కావలసింది తిన్న దాణా. తిన్న దాణా తెలియాలంటే నిల్వ చూడాలి. నిల్వను వారానికి ఒకసారి, ప్రతి వారం ఒకే రోజున, ఒకే సమయానికి చూస్తే చాలు. గుడ్డు ఖర్చును కూడా ఆ వారానికే కట్టాలి, రోజుకు కట్టకూడదు.

రోజూ రాయవలసినవి చనిపోయిన కోళ్లు, తీసేసిన కోళ్లు, మిగిలిన కోళ్లు, మొత్తం గుడ్లు, వాటిలో పగిలినవి, ఆ రోజు వచ్చిన దాణా కిలోలలో. నీటి మీటరు ఉంటే దాని రీడింగు కూడా రాయండి, అది ఎందుకో తరువాత చెబుతాను. మా పుస్తకంలో ఒక గురువారం వరుస ఇలా ఉంటుంది: చనిపోయినవి 2, తీసేసినవి 0, మిగిలినవి 1,997, గుడ్లు 58 ట్రేలు, విడిగా 9, మొత్తం 1,749, పగిలినవి 34, దాణా రాలేదు. పక్కన ఉన్న ఖాళీ గడిలో "మూడో వరుస చివర, రెండూ ఒకే కేజు" అని పెన్సిలుతో రాసి ఉంటుంది. ఆ పెన్సిలు మాటే చాలాసార్లు అంకెలకన్నా ఎక్కువ పనికివస్తుంది.

ఇక వారం లెక్క. సోమవారం ఉదయం, కోళ్లకు మొదటి దాణా వేయకముందు, గోడౌనులో నిండు బస్తాలు ఎన్నో ఎంచి, విప్పి ఉన్న బస్తాను తూచాలి. ఆ సమయాన్నే ఎందుకు ఎంచుకోవాలంటే, అప్పుడు తొట్లు దాదాపు ఖాళీగా ఉంటాయి కాబట్టి తొట్టిలో మిగిలిన దాణా లెక్కను చెడగొట్టదు. మీ షెడ్డు పరిమాణానికి సరిపోయే ఒక వారాన్ని తీసుకుందాం. మొదటి సోమవారం 12 నిండు బస్తాలు, విప్పిన బస్తాలో 20 కిలోలు ఉన్నాయి, అంటే 620 కిలోలు. వారం మధ్యలో 30 బస్తాలు, 1,500 కిలోలు వచ్చాయి. వచ్చే సోమవారం అదే సమయానికి 11 బస్తాలు, విప్పిన దానిలో 30 కిలోలు, కలిపి 580 కిలోలు మిగిలాయి. 620కి 1,500 కలిపి 580 తీసేస్తే వారంలో ఖర్చయిన దాణా 1,540 కిలోలు. కిలో 30 రూపాయల చొప్పున 46,200 రూపాయలు. ఆ ఏడు రోజుల గుడ్లు 1,771, 1,758, 1,764, 1,749, 1,769, 1,757, 1,752, మొత్తం 12,320. భాగిస్తే గుడ్డుకు 3.75 రూపాయలు. దాణా గ్రాములలో చూస్తే గుడ్డుకు 125 గ్రాములు.

నా దృష్టిలో ఈ 125 అనే అంకె 3.75 కన్నా విలువైనది. ధర మారినప్పుడు రూపాయల అంకె కదులుతుంది, ఆ కదలికకు కోళ్లతో సంబంధం ఉండదు. గ్రాముల అంకె కదిలితే మాత్రం షెడ్డులోనో గోడౌనులోనో ఏదో జరిగిందని అర్థం. అందుకని రెండింటినీ పక్కపక్కనే రాయండి.

కంప్యూటరు షీటులో పెట్టుకుంటే ఈ నాలుగు సూత్రాలు చాలు. B చనిపోయినవి, C తీసేసినవి, D మిగిలిన కోళ్లు, E మొత్తం గుడ్లు, G వచ్చిన దాణా, H సోమవారం ఉదయపు నిల్వ. రెండో వరుస ఒక సోమవారం, తొమ్మిదో వరుస తరువాతి సోమవారం. D2లో మొదటి రోజు కోళ్ల సంఖ్యను చేత్తో వేయాలి, D3 సూత్రాన్ని కింది రోజుల వరుసలన్నిటిలోకి కాపీ చేయాలి.

```
D3: =D2-B3-C3
J9: =H2+SUM(G2:G8)-H9
K9: =J9*1000/SUM(E2:E8)
L9: =J9*1000/SUM(D2:D8)
```

J9 వారంలో తిన్న దాణా, K9 గుడ్డుకు పట్టిన గ్రాములు, L9 ఒక కోడి రోజుకు తిన్న గ్రాములు. K9ని కిలో ధరతో గుణించి వెయ్యితో భాగిస్తే గుడ్డు ఖర్చు వస్తుంది. L9లో ఏడు రోజుల కోళ్ల సంఖ్యలన్నీ ఎందుకు కూడామంటే, వారం మధ్యలో చనిపోయిన కోడి మొదటి రోజులలో తిన్నది, చివరి రోజులలో తినలేదు. నేను చెప్పిన వారంలో నాలుగు కోళ్లు పోయాయి. రోజూ ఉదయం చనిపోయిన వాటిని తీసేశాక మిగిలిన సంఖ్యలను కూడితే 13,984 వచ్చింది, కోడికి రోజుకు 110 గ్రాములు తేలింది. గుడ్లను అదే 13,984తో భాగిస్తే 88.1 శాతం, ఇది ఉత్పత్తి శాతం.

కోళ్ల సంఖ్య తప్పితే ఏమవుతుంది? ఈ సంగతిని నేను నష్టపోయి నేర్చుకున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తొలి రోజులలో నాకు 3,000 కోళ్ల బ్యాచ్ ఒకటి ఉండేది. కొన్ని నెలల తరువాత పుస్తకం ప్రకారం కోడి తినేది 110 నుంచి 105 గ్రాములకు, ఉత్పత్తి 88 నుంచి 84 శాతానికి దిగాయి. కోళ్లు తక్కువ తింటున్నాయి కాబట్టి తక్కువ పెడుతున్నాయని నిర్ణయించుకుని, దాణాలో మాంసకృత్తులు పెంచాను, విటమిన్ల మందులు నీటిలో కలిపాను. మూడు వారాలు గడిచినా ఏమీ మారలేదు. టీకా వేసే రోజున ప్రతి కోడిని చేత్తో పట్టుకోవలసి వచ్చినప్పుడు అసలు విషయం తెలిసింది. షెడ్డులో ఉన్నవి 2,860 కోళ్లు మాత్రమే. పుస్తకంలో మాత్రం దాదాపు 3,000 అనే ఉంది. సాయంత్రం పనికి వచ్చే మనిషి చనిపోయిన కోళ్లను తీసి పూడ్చేవాడు, పుస్తకం ఉదయం మనిషి దగ్గర ఉండేది, ఇద్దరి మధ్యా మాట చేరేది కాదు. బలహీనమైనవని పక్కకు తీసి అమ్మిన కోళ్లు కూడా పుస్తకంలోకి ఎక్కలేదు. తప్పు వాళ్లది కాదు, ఆ ఇద్దరికీ ఒకే పుస్తకం పెట్టని నాది.

ఇప్పుడు ఆ అంకెలను మళ్లీ చూడండి. ఆ రోజులలో రోజుకు 315 కిలోల దాణా ఖర్చయి, 2,517 గుడ్లు వచ్చేవి. 3,000తో భాగిస్తే 105 గ్రాములు, 84 శాతం. 2,860తో భాగిస్తే 110 గ్రాములు, 88 శాతం. గుడ్డుకు పట్టిన దాణా మాత్రం మొదటి నుంచి చివరి వరకు 125 గ్రాములే, ఎందుకంటే ఆ లెక్కలోకి కోళ్ల సంఖ్య రానే రాదు. ఆ ఒక్క అంకెను నేను అప్పుడు రాసి ఉంటే మందుల ఖర్చు మిగిలేది. కోడి తినే దాణా, ఉత్పత్తి శాతం రెండూ ఒకే నిష్పత్తిలో తగ్గుతూ, గుడ్డుకు పట్టే గ్రాములు కదలకపోతే, ముందు కోళ్లను ఎంచండి. మందు తరువాతి మాట.

దీనికి తిరగబడిన కథ కూడా ఒకటి ఉంది. మరో బ్యాచ్‌లో గుడ్లు తగ్గలేదు, మరణాలు పెరగలేదు, కోళ్ల సంఖ్య సరిగానే ఉంది. అయినా గుడ్డుకు 125 గ్రాములు ఉన్నది మూడు వారాలలో 133 అయింది. కోడికి 117 గ్రాములు తింటున్నట్లు తేలింది. ఇలాంటప్పుడు అనుమానించవలసినవి కొన్నే ఉంటాయి. చలి పెరిగితే కోడి ఎక్కువ తింటుంది. దాణాలో శక్తి తగ్గితే ఆ లోటు పూడ్చుకోవడానికి ఎక్కువ తింటుంది. తొట్టి నిండుగా పోస్తే ముక్కుతో చిమ్మి కింద పోస్తుంది, అందుకే తొట్టిని మూడో వంతుకు మించి నింపవద్దంటారు. ఎలుకలు తినవచ్చు. కేజుల కింద రెండు చోట్ల పట్టా పరిచి ఒకరోజు చూశాను, రాలిన దాణా మామూలుగానే ఉంది. అప్పుడు నీటి మీటరు పుస్తకం తిరగేశాను. కోడి మామూలు వాతావరణంలో తిన్న దాణాకు దాదాపు రెండింతల బరువు నీరు తాగుతుంది, నిజంగా ఎక్కువ తింటే నీరు కూడా పెరగాలి. నీరు ఏ మాత్రం పెరగలేదు. అంటే కోళ్లు ఎప్పటిలాగే తింటున్నాయి, పుస్తకంలోకి వస్తున్న దాణా లెక్కే తప్పు.

గోడౌనుకు వెళ్లి విప్పని బస్తాలు ఐదింటిని తూచాను. 50 కిలోలని ముద్ర ఉన్న బస్తాలు 47 కిలోల చుట్టూ తూగాయి. 117లో ఆరు శాతం తీసేస్తే సరిగ్గా 110. కోళ్ల కడుపులోకి వెళ్లింది మారలేదు, నా జేబులోంచి వెళ్లింది మారింది. అప్పటి నుంచి లారీ దిగేటప్పుడే ఏవో ఐదు బస్తాలను నేను ఎంచుకుని తూచి, ఆ సగటుతో మొత్తం సరుకు బరువును పుస్తకంలో రాస్తున్నాను. బస్తా మీది ముద్రను రాయను. బిల్లుకు ఇచ్చిన మొత్తం డబ్బును నిజంగా దిగిన కిలోలతో భాగిస్తే వచ్చేదే నా కిలో ధర. రవాణా, దింపుడు కూలీ కూడా అందులో కలుపుతాను. మీరు దాణాను సొంతంగా కలుపుకుంటుంటే గ్రైండింగు కూలీని చేర్చి, ముడి సరుకు బరువుతో కాకుండా కలిపాక వచ్చిన దాణా బరువుతో భాగించాలి, ఎందుకంటే దుమ్ముగా, తేమగా పోయినది కూడా మీరు డబ్బు పెట్టి కొన్నదే. ధర మారిన సరుకు వస్తే పాతది అయిపోయే వరకు పాత ధరే వేయండి.

గుడ్ల విషయంలో నా పట్టుదల ఒకటే, ఎత్తే సమయం మారకూడదు. సాయంత్రం ఎత్తవలసిన గుడ్లు ఒకరోజు మర్నాటి ఉదయం ఎత్తితే ఆ రోజు ఉత్పత్తి పడిపోయినట్లు, మర్నాడు ఎగిసినట్లు కనబడుతుంది, మీరు అనవసరంగా కంగారుపడతారు. పగిలినవి, మెతక పెంకువి, పెంకు లేనివి కూడా మొత్తంలో ఎంచాలి. వాటిని వదిలేస్తే కోడి పెట్టిందా లేదా అన్న సంగతి దాగిపోతుంది. అమ్ముడుపోయే గుడ్డు ఖర్చు కావాలంటే విడిగా కట్టుకోండి. పై వారంలో 246 గుడ్లు పగిలాయనుకుంటే 46,200ని 12,074తో భాగించాలి, 3.83 వస్తుంది. ఈ రెండు ఖర్చుల మధ్య తేడా పెరుగుతూ పోతే అది దాణా సమస్య కావచ్చు, ట్రేల సమస్య కావచ్చు, గుడ్డు దొర్లే వాలు సమస్య కావచ్చు. ముసలి కోళ్లలో పెంకు పలచబడడం మాత్రం మామూలే.

ఖర్చు తగ్గినప్పుడు కూడా అనుమానించండి. ఎండలు ముదిరిన వారంలో కోడి తిండి 110 నుంచి 95 గ్రాములకు పడిపోవచ్చు. మొదటి కొద్ది రోజులు గుడ్లు దాదాపు అలాగే వస్తాయి, 87 శాతం ఉందనుకుందాం. అప్పుడు గుడ్డుకు 109 గ్రాములే, ఖర్చు 3.28 రూపాయలే అని పుస్తకం చెబుతుంది. ఆ వారం పుస్తకం చూసి సంబరపడిన వాళ్లను నేను ఎరుగుదును. కోడి ఆ గుడ్లను ఒంట్లోని నిల్వలు కరగదీసి పెడుతోంది. తరువాతి వారాలలో పెంకు పలచబడుతుంది, గుడ్డు చిన్నదవుతుంది, ఆ వెనుక సంఖ్య పడిపోతుంది, పడిపోయిన ఉత్పత్తి మళ్లీ లేవడానికి చాలా రోజులు పడుతుంది. అందువల్ల గుడ్డుకు గ్రాములు ఒక్కసారిగా తగ్గితే, కోడికి గ్రాములు ఏమయ్యాయో చూడకుండా ఆ తగ్గుదలను లాభంగా రాసుకోవద్దు. అలాంటి వేళ దాణాను చల్లటి పూటలకు, అంటే తెల్లవారుజాముకు, పొద్దు వాలాకకు జరపడం, నీరు చల్లగా ఉండేలా చూడడం మొదటి పనులు.

అదే విధంగా కొత్త బ్యాచ్ గుడ్లకు వచ్చే రోజులలో ఈ లెక్క భయపెడుతుంది. 20 వారాల వయసులో కోడి 90 గ్రాములు తిని 40 శాతమే పెడుతుంటే గుడ్డుకు 225 గ్రాములు పడతాయి. అందులో తప్పేమీ లేదు, ఉత్పత్తి 25 వారాలు దాటి పతాక స్థాయికి చేరాకే ఈ అంకెను గత బ్యాచ్‌తో పోల్చండి. పిల్ల దశలో తిన్న దాణాను ఈ పుస్తకంలో కలపవద్దు, అది కోడి ధరలోకి వెళ్లే ఖర్చు.

మరణాలు గుడ్డు దాణా ఖర్చును నేరుగా పెంచవు. 2,000లో నాలుగు పోతే 3.75 అనే అంకెలో మీకు ఏమీ కనబడదు. అందుకే చాలామంది ఆ గడిని మొక్కుబడిగా నింపుతారు. కానీ వారానికి ఒకటో రెండో పోయే షెడ్డులో నాలుగు పోవడం నాకు చిన్న విషయం కాదు, ముఖ్యంగా అవి ఒకే చోట పోతే. ఒకే కేజులో రెండు పోయాయంటే అక్కడి నిపుల్ మూసుకుపోయిందో, తీగ విరిగి గుచ్చుకుంటోందో, ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయో చూడాలి. షెడ్డంతా చెదురుమదురుగా పోతూ, సంఖ్య వరుసగా రెండు మూడు రోజులు పెరుగుతూ ఉంటే రోగమని భావించి, చనిపోయిన కోడిని పూడ్చకముందే పశువైద్యుల చేత కోయించి చూపించాలి. రోగం వచ్చేటప్పుడు చాలాసార్లు మొదట నీరు, దాణా తగ్గుతాయి, తరువాత గుడ్లు, ఆ తరువాత మరణాలు. దాణా నిల్వను వారానికి ఒకసారే తూస్తే ఈ మొదటి గుర్తు దొరకదు కదా అని మీరు అడగవచ్చు. నిజమే. దానికి నా పద్ధతి, నీటి మీటరును రోజూ చూడడం, సాయంత్రం తొట్లలో దాణా మిగిలిందా లేదా అన్న ఒక్క మాటను పెన్సిలు గడిలో రాయడం. "మిగిలింది" అన్న మాట వరుసగా రెండు రోజులు కనబడితే నేను సోమవారం కోసం ఆగను, ఆ రోజే తూస్తాను.

మీరు ఇప్పుడు మొదలుపెడుతున్నారు కాబట్టి D2 గడిలో వేయవలసిన సంఖ్యను పాత పుస్తకంలోంచి తీయవద్దు. ఒకరోజు తెల్లవారగానే, దాణా వేయకముందు, ఇద్దరు మనుషులు ఎదురెదురు చివరల నుంచి వరుస వరుసగా, ఒకరి అంకె మరొకరికి చెప్పకుండా ఎంచాలి. ప్రతి వరుసకు ఇద్దరి సంఖ్యలూ కలవకపోతే ఆ వరుసను మాత్రమే మళ్లీ ఎంచాలి. 2,000 కోళ్లకు ఇది పెద్ద పనేమీ కాదు. నేను దీన్ని నాలుగు వారాలకు ఒకసారి చేస్తాను, తేడా వస్తే పాత సంఖ్యను చెరపకుండా, దాని పక్కన ఎర్ర సిరాతో కొత్తది రాసి, తేదీ వేస్తాను. చెరిపేస్తే ఆ కోళ్లు ఏ నెలలో లెక్క తప్పాయో వెదకడానికి ఆధారం మిగలదు.